ఒక్కరే తీసే షూటింగుకి సీను నోటు: నాలుగు గడులు, ఒకే ముడి

ఆరు నిమిషాల షార్ట్ ఫిల్మ్. నటించేది నేనే, కెమెరా పెట్టేది నేనే. లైటు కట్టేది, మైకు తగిలించుకునేది, చివర్లో అన్నీ సర్దేది కూడా నేనే. కథ చిన్నది. తిరుపతిలో అద్దె గదిలో ఉండే కుర్రాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. తెల్లారితే ప్రయాణం. వాళ్లమ్మ చిత్తూరు దగ్గరి ఊరి నుంచి పంపిన ఆవకాయ జాడీని బ్యాగులో పెట్టుకోవాలా, గదిలోనే వదిలేయాలా అని రాత్రంతా తేల్చుకోలేడు. సీన్లు నాలుగు: సాయంత్రం మిద్దె, తెల్లవారుజామున గది, పొద్దున టీ అంగడి, ఆ తర్వాత ఊరి దారిలో మామిడి తోపు.

గది సీనుకి నేను మొదట రాసుకున్న నోటు ఇది:

సీను 2. లొకేషన్: గది. ప్రాపర్టీస్: బ్యాగు, బట్టలు, జాడీ, ఫోను. లైటు: ట్యూబ్‌లైటు. సౌండు: కాలర్ మైకు.

ఇందులో తప్పేమీ లేదు. కానీ షూటింగ్ రోజున ఇది దేనికీ పనికిరాదు. నా దగ్గర ఏమేం ఉన్నాయో చెబుతోందే తప్ప, ఆ గది ఆ వేళకి ఎలా ఉంటుందో చెప్పడం లేదు. పెద్ద యూనిట్‌లో ఇలాంటి నోటు సరిపోతుంది. ఎందుకంటే ప్రతి గడికీ ఒక మనిషి ఉంటాడు. టేక్ మధ్యలో మోటారు మోగితే సౌండు చూసే అతను చెయ్యి ఎత్తుతాడు. నీడ ముక్కు మీద పడితే కెమెరామన్ కట్ అంటాడు. ఒక్కడివే తీస్తుంటే, నువ్వు నటిస్తున్న ఆ నిమిషంలో వినేవాళ్లు లేరు, చూసేవాళ్లు లేరు. ఆ వినడం, చూడడం ముందే జరిగిపోయి కాగితం మీదకి ఎక్కాలి.

ఇంకో చిక్కు ఉంది. కాగితం మీద లొకేషన్, ప్రాపర్టీస్, లైటు, సౌండు విడివిడి గడుల్లో ఉంటాయి కాబట్టి విడివిడిగా నింపుతాం. నిజానికి అవి ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఏ గడి ముందు నింపాలన్నది తెలిస్తే ముడి విడిపోతుంది. నా అనుభవంలో ముందు నింపాల్సింది సౌండు గడి. లైటు మనం తెచ్చుకోవచ్చు, వస్తువు కొనుక్కోవచ్చు. పక్కింటి మోటారుని మాత్రం మనం ఆపలేం.

అందుకని షూటింగ్ తేదీ పెట్టుకోకముందే, కథలో సీను జరిగే వేళకే, అంటే తెల్లవారుజామున ఐదింటికి ఆ గదిలో కూర్చున్నాను. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, కళ్లు మూసుకుని పదిహేను నిమిషాలు విన్నాను. ఎదురింట్లో సుప్రభాతం. కింద నీళ్ల మోటారు. పాలబండి. వీధిలో కళ్లాపి చల్లుతున్న చప్పుడు, చీపురు చప్పుడు. తెల్లవారుజాము సీనుకి ఇంతకంటే సహజమైన శబ్దాలు ఉండవు కదా అనిపించింది. ఆ రికార్డింగునే ఇంటికొచ్చి రెండు చోట్ల కోసి అతికిస్తే సమస్య తెలిసింది. కుర్రాడు ఒక మాట అంటాడు, కట్ చేసి రెండో షాట్‌కి వెళ్తాం. మాట సాఫీగానే సాగుతుంది, కానీ వెనక సుప్రభాతం ఒక్కసారిగా నాలుగు పాదాలు ముందుకు దూకుతుంది. చూసేవాడికి కారణం తెలియకపోవచ్చు, ఏదో తెగిందని మాత్రం చెవికి తెలిసిపోతుంది. పాటైనా, మైకులో మాటైనా, వరుస ఉన్న ఏ శబ్దమైనా మాటల వెనక ఉంటే ఇంతే. వరుస లేని శబ్దం, అంటే గాలి హోరు, దూరపు రోడ్డు హోరు లాంటివి ఎక్కడ కోసినా దాదాపు అతుక్కుపోతాయి.

కాబట్టి తెల్లవారుజాము సీనుని రాత్రి పదిన్నర నుంచి ఒంటిగంట మధ్య తీయాలని సౌండు గడిలో రాసుకున్నాను. ఆ వేళకి మా వీధి సద్దుమణుగుతుంది. సుప్రభాతం నాకు కావాలంటే విడిగా సన్నగా వెనక వేసుకోవచ్చు. కానీ ఏ రికార్డు పడితే అది వాడితే హక్కుల తలనొప్పి వస్తుంది కాబట్టి మోటారు, పాలబండి, చీపురు చప్పుళ్లతోనే సరిపెట్టుకున్నాను. అవి ఆ పదిహేను నిమిషాల రికార్డింగులోనే ఉన్నాయి.

సౌండు గడిలో ఆ ఒక్క మాట మారగానే మిగతా గడులు వాటంతటవే కదిలాయి. ఫ్యాను ఆపాలి, ఎందుకంటే ఫ్యాను గాలి మైకుని కొడుతుంది, దాని మోత ప్రతి మాట కింద ఉంటుంది. ఫ్యాను ఆపి రెండున్నర గంటలు చిన్న గదిలో ఉండాలంటే మే నెల తిరుపతిలో అయ్యే పని కాదు. చెమట ముఖం మీద మెరుస్తుంది, మేకప్ లేకపోయినా షాట్‌కీ షాట్‌కీ ముఖం మారిపోతుంది. అందుకే ఫిబ్రవరి రెండో వారం పెట్టుకున్నాను. నెల కూడా సౌండు గడే తేల్చిందన్నమాట.

ప్రాపర్టీస్ కూడా. మొదట కుర్రాడు బట్టల్ని ప్లాస్టిక్ కవర్లలో చుట్టి బ్యాగులో పెడతాడని రాసుకున్నాను. ఇంట్లో కాలర్ మైకు పెట్టుకుని చేసి చూస్తే, కవరు చప్పుడు మాట కంటే గట్టిగా వచ్చింది. పలచటి ప్లాస్టిక్ నలిగే చప్పుడు, మాటల్లో హల్లులు పలికే చోటే ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఎడిటింగ్‌లో దాన్ని విడదీయలేం. కవరు తీసేసి గుడ్డ సంచి రాశాను. చొక్కా సంగతీ అంతే. పాలిస్టర్ చొక్కా మైకుకి రాసుకుంటే గరగరమంటుంది. బాగా ఉతికి మెత్తబడిన నూలు చొక్కా అయితే చప్పుడు చేయదు. మైకుని రెండో గుండీ దగ్గర లోపలి వైపు పెట్టి, వైరుని ఒక చిన్న మెలిక తిప్పి టేపు అంటించాలి. మెలిక లేకపోతే వైరు లాగినప్పుడల్లా టప్ మని వినిపిస్తుంది.

ఫోను దగ్గర ఇంకో విషయం బయటపడింది. కెమెరా ఒక ఫోను. కాలర్ మైకు గుచ్చి జేబులో పెట్టుకునే రికార్డరు రెండో ఫోను. కథలో అమ్మతో మాట్లాడే ఫోను మూడోది. ప్రాపర్టీస్ గడిలో ఊరికే "ఫోను" అని రాస్తే ఈ లెక్క తెలియదు. షూటింగ్ రోజున జేబులో ఉన్నది తీసి చెవి దగ్గర పెట్టుకున్నాక, మైకు వైరు చొక్కాలోంచి వేలాడుతూ కనిపించినప్పుడే తెలుస్తుంది. ఇంట్లో పాడైపోయిన పాత ఫోను ఒకటి ఉంటే దాన్ని మూడోదిగా పెట్టుకున్నాను. అది వెలగదు కాబట్టి స్క్రీను కెమెరా వైపు తిప్పకూడదని నోటులోనే రాశాను. పనిచేసే రెండు ఫోన్లూ ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి, లేకపోతే మంచి టేక్ మధ్యలోనే కాల్ వస్తుంది.

ఇక గదిలో లైటు. ట్యూబ్‌లైటుతో తీసిన వీడియోలో గోడ మీద నల్లటి పట్టీలు మెల్లగా పైకో కిందికో జరుగుతూ కనిపిస్తాయి. చాలామంది దాన్ని ఫోను లోపం అనుకుంటారు. కారణం కరెంటు. మన దగ్గర కరెంటు సెకనుకి 50 సార్లు తిరుగుతుంది, ఒక్కో తిప్పుకి రెండుసార్లు వెలుగు పెరిగి తగ్గుతుంది. అంటే సెకనుకి 100 సార్లు. షట్టరు సెకనులో 1/100 వంతు తెరిచి ఉండేలా పెడితే ప్రతి ఫ్రేముకీ సరిగ్గా ఒక పెరుగు తరుగు అందుతుంది, 1/50 పెడితే రెండు. ఆటోలో వదిలేస్తే ఫోను 1/60 దగ్గరికో, ఇంకెక్కడికో వెళ్తుంది. అప్పుడు ఫ్రేములో ఒక వరుసకి ఎక్కువ వెలుగు, ఇంకో వరుసకి తక్కువ వెలుగు పడి పట్టీలు వస్తాయి. ప్రో మోడ్‌లో షట్టరుని 1/50 దగ్గర కట్టేస్తే పోతుంది. మంచి ఎల్ఈడీ బల్బుల్లో ఈ గొడవ తక్కువ, చౌక బల్బుల్లో ఎక్కువ. కొనేముందు అంగట్లోనే బల్బు వెలిగించి ఫోను కెమెరాలో చూస్తే తెలిసిపోతుంది. పట్టీలు కనిపిస్తే వేరే రకం అడగాలి.

రాత్రి పదకొండుకి తీసి తెల్లవారుజాము అని నమ్మించాలంటే రంగు కావాలి. దానికి సినిమా లైట్లు అక్కర్లేదు. అంగట్లో దొరికే 9 వాట్ల బల్బుల్లోనే రెండు రంగులున్నాయి. వార్మ్ వైట్ అని రాసి ఉండేది 2700 లేదా 3000 కెల్విన్, పసుపు రంగు. కూల్ డే లైట్ అని ఉండేది 6500 కెల్విన్, తెలుపులో నీలం కలిసినట్టు ఉంటుంది. కెమెరాలో వైట్ బ్యాలెన్స్‌ని ఆటోలోంచి తీసి 4000 దగ్గర కట్టేస్తే, వార్మ్ బల్బు ఇంకాస్త పసుపుగా, కూల్ బల్బు నీలంగా కనిపిస్తాయి. కూల్ బల్బు ఒకటి కిటికీ బయట వరండాలో వేలాడదీసి, కిటికీ ఊచలకి బటర్ పేపర్ కట్టాను. ఇంకా తెల్లారని ఆకాశంలా ఆ కిటికీ మసక నీలంగా వెలిగింది. గది లోపల వార్మ్ బల్బులు రెండు, వాటి ముందు ఒక బటర్ పేపరు. ట్యూబ్‌లైటు ఆపేశాను.

ఇక్కడ ఒక్కడే ఉండడం వల్ల వచ్చే ఇబ్బంది దూరం. బల్బుకి రెండడుగుల్లో ఉన్న ముఖం నాలుగడుగులకి వెళ్తే వెలుగు సగం కాదు, పావుకి పడిపోతుంది. నేను మంచం మీద కూర్చుని లేచి తలుపు దాకా నడిస్తే మంచం దగ్గర ముఖం తెల్లగా మాడిపోయి, తలుపు దగ్గర చీకటి అయింది. లైటు జరిపే మనిషి లేడు. బల్బుని దూరంగా పెట్టొచ్చు, కానీ అప్పుడు మొత్తం వెలుగు తగ్గి వీడియోలో గరుకు వస్తుంది. అందుకని కథలోనే మార్చాను. కుర్రాడు మంచం దిగడు. బ్యాగు, జాడీ, సంచి అన్నీ చేతికందే దూరంలో ఉంటాయి. ముఖం బల్బుకి మూడడుగుల్లోనే ఉంటుంది, వెలుగు చాలనప్పుడు కెమెరా పెంచుకునే ఐఎస్ఓ 400 దగ్గర ఆగింది. సీను కూడా బిగుతుగా వచ్చింది. ఇల్లు వదిలి వెళ్లలేని కుర్రాడు మంచం కూడా దిగకపోవడం నాకు కథకి సరైన మాటే అనిపించింది.

మార్పులన్నీ చేశాక నోటు ఇలా తయారైంది:

సీను 2. కథలో తెల్లవారుజాము. తీసేది రాత్రి 10:30 నుంచి 1:00.
లొకేషన్: గది. మంచం మీదే, లేవకూడదు. కెమెరా తలుపు మూల నుంచి.
సౌండు: ఫ్యాను ఆఫ్, ఫ్రిజ్ ఆఫ్. తలుపు కింద సందులో బొంత. మైకు లోపలి వైపు, వైరుకి మెలిక. సీను అయ్యాక నిశ్శబ్దం ఒక నిమిషం.
లైటు: కిటికీ బయట కూల్ 1, లోపల వార్మ్ 2. షట్టరు 1/50, వైట్ బ్యాలెన్స్ 4000.
ప్రాపర్టీస్: గుడ్డ సంచి, నూలు చొక్కా, జాడీ, వెలగని ఫోను.
షాట్లు: 4.

"నిశ్శబ్దం ఒక నిమిషం" అన్నది చాలామంది వదిలేస్తారు. ప్రతి గదికీ తనదైన ఒక సన్నని హోరు ఉంటుంది. ఎడిటింగ్‌లో రెండు మాటల మధ్య దగ్గునో, మంచం కిర్రుమన్న చప్పుడునో తీసేస్తే అక్కడ ఆ హోరు కూడా పోయి చెవికి గుంట పడినట్టు ఉంటుంది. అదే గదిలో, అదే మైకుతో, కదలకుండా రికార్డు చేసుకున్న నిమిషం ఆ గుంటల్ని పూడుస్తుంది. తర్వాత వేరే రోజు వచ్చి తీసుకుంటే కుదరదు, హోరు మారిపోతుంది.

మిద్దె సీనుకి వస్తే, ఇక్కడ పెత్తనం సూర్యుడిది. కుర్రాడు శేషాచలం కొండల వైపు చూస్తూ అమ్మతో ఫోన్‌లో మాట్లాడాలి. మా ఊళ్లో కొండలు ఉత్తరాన ఉంటాయి. కెమెరా ఉత్తరం చూస్తే సాయంత్రం ఎండ ఫ్రేముకి ఎడమ పక్క నుంచి వస్తుంది. ఫిబ్రవరిలో సూర్యుడు నేరు పడమరలో కాకుండా కాస్త దక్షిణానికి జరిగి అస్తమిస్తాడు, కాబట్టి కెమెరా వైపు తిరిగి నిలబడ్డ మనిషి ముఖం మీదకి పక్క నుంచి, కొంచెం ముందు నుంచి వెలుగు పడుతుంది. అదే జూన్‌లో అయితే పడమరకి ఉత్తరంగా, దాదాపు కొండల వైపే దిగుతాడు. వెలుగు వీపు వైపుకి పోతుంది, ముఖం చీకటి. పైగా యాప్‌లో చూపే సూర్యాస్తమయం కంటే ముందే కొండ చాటుకి వెళ్లిపోతాడు. యాప్‌కి కొండ తెలియదు. అందుకే ముందు రోజు అదే వేళకి మిద్దె ఎక్కి ఎండ ఎప్పుడు పోతుందో గడియారం పట్టుకుని చూడాలి.

ఫిబ్రవరి మధ్యలో మాకు సూర్యాస్తమయం దాదాపు 6:15కి. ఐదుంబావు దాకా ఎండ ఇంకా కటువుగా ఉంటుంది. 5:20 నుంచి 6:10 వరకు, అంటే యాభై నిమిషాలు నాకు కావలసిన వెలుగు. ఇప్పుడు ఒక్కడికి ఒక షాట్‌కి ఎంతసేపు పడుతుందో లెక్క వేశాను. ఫ్రేము పెట్టాలి, మైకు చూసుకోవాలి, రికార్డు నొక్కాలి, నడిచి వెళ్లి నిలబడాలి, ఒక క్షణం ఆగి చేయాలి, తిరిగొచ్చి చూడాలి. మూడు టేకులకి ఇరవై ఐదు నిమిషాలు అవుతోంది. యాభై నిమిషాల్లో రెండు షాట్లు. నేను రాసుకున్న సీనులో ఐదు షాట్లున్నాయి.

నోటు ఇలా కుండబద్దలు కొట్టి చెప్పేటప్పుడు వినాలి. వినకుండా ఐదూ తీద్దామని వెళ్తే, మొదటి రెండు బంగారు రంగులో, మూడోది బూడిద రంగులో, చివరివి చీకట్లో వస్తాయి. అవి ఒకే సంభాషణ అంటే ఎవరూ నమ్మరు. రెండే షాట్లు ఉంచాను. మొదట వైడ్: కుర్రాడు కెమెరాకి వీపు పెట్టి కొండల వైపు చూస్తూ మాట్లాడతాడు. రెండోది క్లోజ్: ఇటు తిరిగాక ముఖం, వెనక మసకగా కొండలు. వైడ్ ముందు ఎందుకంటే కొండ మీద ఎండ ఉండాలి, దాన్ని మనం వెలిగించలేం. క్లోజ్ వేళకి ఎండ తగ్గినా, నీడ పడే చెంప పక్కన థర్మకోల్ షీటు నిలబెడితే వెలుగు తిరిగి కొట్టి సరిపోతుంది. పట్టుకునే మనిషి లేడు కాబట్టి కుర్చీకి ఆనించి ఇటుక అడ్డం పెట్టాను. ఇటుక లేకపోతే మిద్దె మీది గాలికి షీటు పక్కింటికి వెళ్తుంది.

వైడ్‌లో వీపు కనిపించడానికి ఇంకో కారణం ఉంది. అంతకుముందు ఏడాది ఇదే మిద్దె మీద తీసిన ఫోను సంభాషణ మొత్తం పక్క వీధిలో పెళ్లి మేళం కింద మునిగిపోయింది. పెదాలు కనిపించే షాట్ కావడంతో డబ్బింగ్ చెప్పడానికి మూడు రాత్రులు పట్టింది. మళ్లీ చూస్తే ఇప్పటికీ పెదాలు, మాట కలవవు. అందుకే ఈసారి రెండు జాగ్రత్తలు రాసుకున్నాను. ఒకటి, నోరు కనిపించని షాట్‌లోనే ఎక్కువ మాటలు పెట్టడం. అక్కడ సౌండు చెడిపోయినా రాత్రి గదిలో కూర్చుని చెప్పుకుని అతికించొచ్చు. రెండు, గోడకి వేలాడే పంచాంగం క్యాలెండరు చూడడం. ఫిబ్రవరి అంటే మాఘమాసం, ముహూర్తాల కాలం. లగ్నాలు లేని రోజు వెతికితే ఆ వారంలో బుధవారం కనిపించింది.

క్లోజ్ షాట్‌లో ఫోకస్ ఎవరు చూస్తారు? దానికి చీపురు పనికొచ్చింది. కుర్చీకి చీపురు కట్టి, నా ముఖం ఎత్తులో దానికి న్యూస్ పేపరు చుట్టాను. కెమెరాకి ఫోకస్ దొరకాలంటే నలుపు తెలుపు గీతలు కావాలి, అచ్చక్షరాల కంటే మంచివి లేవు. స్క్రీను మీద పేపరుని నొక్కి పట్టుకుంటే ఫోకస్ కట్టుబడుతుంది (నా ఫోన్‌లో `AE/AF LOCK` అని పసుపు గళ్లలో వస్తుంది). నేల మీద నా కాలి వేళ్ల దగ్గర టేపు అంటించి, చీపురు తీసేసి అక్కడే నిలబడ్డాను. ఒక ఇబ్బంది ఏమిటంటే ఈ లాక్ వెలుగుని కూడా కట్టేస్తుంది. తెల్ల పేపరు మీద కట్టేస్తే నా ముఖం నల్లబడుతుంది, కాబట్టి లాక్ పడ్డాక పక్కనే ఉన్న సూర్యుడి గుర్తుని కాస్త పైకి జరపాలి. సాయంత్రం వెలుగు నిమిషానికోలా పడిపోతుంది కాబట్టి ప్రతి టేక్‌కీ లాక్ తీసి మళ్లీ వేయాలి. మొదటి టేక్ లాక్‌తోనే మూడోది తీస్తే అది చీకటిగా వస్తుంది.

టేక్ అయ్యాక తిరిగొచ్చి చూసేటప్పుడు నటన చూడకూడదని కూడా రాసుకున్నాను. చూడాల్సినవి రెండే: కనుపాప మీద ఫోకస్ ఉందా, మాట పగలకుండా వచ్చిందా. నటన చూడడం మొదలుపెడితే పది నిమిషాలు పోతాయి, సూర్యుడు ఆగడు. ప్రతి టేక్ మొదట్లో కెమెరా ముందు ఒక చప్పట్లు కొడితే తర్వాత రెండో ఫోను సౌండుని వీడియోతో కలపడం తేలిక. చప్పుడు గ్రాఫులో ముల్లులా లేస్తుంది, చేతులు కలిసిన ఫ్రేము దగ్గర దాన్ని పెట్టడమే.

టీ అంగడి సీనులో మాటలు లేవు, కాబట్టి మైకు లేదు, ట్రైపాడ్ లేదు. అంగడి ఆయన్ని అడిగి, పొద్దున ఆరుముప్పావుకి వెళ్లి, కెమెరా ఫోనుని బల్ల మీద చక్కెర డబ్బాకి ఆనించి మూడు షాట్లు తీసి వచ్చేశాను. ప్రాపర్టీస్ గడిలో "టీలు మూడు" అని ఉంది. గ్లాసు నిండుగా, ఆవిరితో ఉండాలి కాబట్టి షాట్‌కి ఒకటి.

చివరి సీనుకి మొదట చంద్రగిరి కోట అనుకున్నాను. అది పురావస్తు శాఖ కింద ఉంది, ట్రైపాడ్ వేసి షూటింగ్ చేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. తిరుమల కొండ మీద అసలు ఆలోచనే పెట్టుకోకూడదు. అందుకని చంద్రగిరి దాటాక రోడ్డుకి లోపలగా ఉన్న ఒక మామిడి తోపు చూసుకున్నాను. ఫిబ్రవరిలో చెట్లన్నీ పూత మీద ఉంటాయి, ఫ్రేముకి అంతకంటే ఏం కావాలి. కానీ పూత కాలమంటే మందు కొట్టే కాలం కూడా. ఆ తోపు పెద్దాయన్ని కలిసి అడిగితే, "ఈ ఆదివారం మందు కొడతా ఉండాము నాయనా, ఆ మోటారు మోతలో నువ్వేం మాట్లాడతావు? వాసన కూడా మంచిది కాదు. బేస్తారం రా, ఎవురూ ఉండరు" అన్నాడు. లొకేషన్ గడిలో నేను రాసిన అన్ని మాటల కంటే ఆ ఒక్క ముక్కే నాకు ఎక్కువ మేలు చేసింది. గురువారం పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర అని రాసుకున్నాను. అంతకంటే ఆలస్యమైతే ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా ముఖం మీద పడుతుంది. ఆ చుక్కలు నిలిచి ఉండవు, పావుగంటకి చెంప మీదిది ముక్కు మీదకి వస్తుంది. పొద్దున్నే అయితే గుబురుగా ఉన్న చెట్టు నీడ పూర్తిగా పరుచుకుని ఉంటుంది. ముందు తెరిపిగా ఉన్న ఆకాశమే ముఖానికి లైటు. ఎండుటాకుల మీద అడుగు వేస్తే మాట వినపడదు కాబట్టి నిలబడే చోట ఆకులు ఊడ్చాలి. ఇది కూడా సౌండు గడిలోనే రాశాను.

ఏ సీను ముందు తీయాలన్నది జాడీ తేల్చింది. అమ్మ జాడీ మూతికి తెల్లగుడ్డతో వాసెన కట్టి పంపింది. గది సీనులో కుర్రాడు ఆ ముడి విప్పుతాడు. మిద్దె సీనులో జాడీ పక్కనే పిట్టగోడ మీద ఉంటుంది, ముడి విప్పకుండా. గది ముందు తీసి మిద్దె తర్వాత తీస్తే ఆ ముడి మళ్లీ నేను కట్టాలి. మా అమ్మ కట్టిన ముడి నాకు రాలేదు, నాలుగుసార్లు ప్రయత్నించాను. కాబట్టి బుధవారం సాయంత్రం మిద్దె, అదే రాత్రి గది, గురువారం పొద్దున టీ అంగడి, ఆ వెంటనే తోపు. గదిలో కూడా ముడి విప్పే షాట్‌ని అన్నిటికంటే చివర పెట్టాను, దానికి ఒక్క టేకే.

ఖర్చు చూస్తే నాకు అయింది 2,560 రూపాయలు. అందులో కాలర్ మైకు 850, నాలుగు బల్బులు 400 (ఒకటి పగిలితే రాత్రి పూట అంగడి ఉండదు కాబట్టి ఒకటి ఎక్కువ), హోల్డర్లు, వైరు 260, థర్మకోల్ రెండు షీట్లు 160, బటర్ పేపర్లు 50, టేపు, బట్టల క్లిప్పులు 90. పెట్రోలు 200, టీలు, టిఫిన్లు 250, తోపులో కాపలా ఉండే ఆయనకి 300. జాడీ, చొక్కా, సంచి, చీపురు ఇంట్లోవే. డబ్బు తక్కువగా ఉంటే మొదట దేన్ని కోయాలని అడిగితే థర్మకోల్ అంటాను, తెల్లటి దుప్పటి సగం పని చేస్తుంది. మైకుని మాత్రం కోయకండి. చిత్రం కాస్త గరుకుగా ఉన్నా చూస్తారు, మాట అర్థం కాకపోతే మొదటి నిమిషంలోనే ఆపేస్తారు.

నోటులో చివరి వరుసలు సీనుకి సంబంధించినవి కావు, సీను అయిపోయాక చేయాల్సినవి. నా ఫోన్‌లో 4కె వీడియో నిమిషానికి దాదాపు 375 ఎంబీ తీసుకుంటుంది. బుధవారం సాయంత్రం, రాత్రి కలిపి నలభై నిమిషాలు తీస్తే 15 జీబీ. అది ఖాళీ చేయకుండా పడుకుంటే గురువారం తోపులో మెమరీ నిండిందని వస్తుంది, అక్కడ లాప్‌టాప్ ఉండదు. అందుకే పడుకునే ముందు కాపీ చేసి, రెండు ఫైళ్లు తెరిచి ఆడుతున్నాయో లేదో చూసి, అప్పుడు మాత్రమే ఫోన్‌లోంచి తీసేయాలి. ఇక గది సీను నోటు అడుగున ఎర్ర పెన్నుతో ఒక వరుస ఉంది. సౌండు కోసం ఫ్రిజ్ ఆపేముందు బండి తాళాలు అందులో పెట్టాను. పొద్దున టీ అంగడికి బయలుదేరాలంటే తాళాలు కావాలి, తాళాల కోసం ఫ్రిజ్ తెరవాలి, తెరిస్తే లోపల లైటు వెలగదు, స్విచ్ వేయాలని అప్పుడు గుర్తొస్తుంది.